ఓరుగల్లు రావాల్సిన చోట పాలపిట్ట వస్తే: పటం మీద గడి చిరునామా నేర్పే నిధి వేట

ఆరో తరగతి పిల్లలకు పటం మీద నాలుగంకెల గ్రిడ్ రిఫరెన్స్, అంటే గీతల నంబర్లతో గడికి చెప్పే చిరునామా, నేర్పడానికి వరంగల్ పక్క పల్లెలో కొన్నేళ్లుగా నేను చేస్తున్న పద్ధతి ఇది. నాలుగు పీరియడ్లు పడుతుంది. చార్టు, సుద్దముక్కలు, ముప్ఫై ఆరు కాగితం ముక్కలు ఉంటే చాలు.

ఈ పాఠంలో పిల్లలు తడబడేది రెండే చోట్ల. ఒకటి, ఏ అంకె ముందు చదవాలి అన్నది. రెండోది, గీతకు నంబరు ఉంటే ఆ గీతకు ఏ పక్కనున్న గడి తీసుకోవాలి అన్నది. మామూలు నిధి వేటలో పిల్లవాడు తప్పు గడికి వెళ్తే అక్కడేమీ దొరకదు. "దొరకలేదు సార్" అని వెనక్కి వస్తాడు. వాడు ఎందుకు తప్పాడో వాడికీ తెలియదు, మనకూ తెలియదు. అందుకే నేను తప్పు గడుల్లో కూడా అక్షరాలు పెడతాను. పిల్లలు తెచ్చిన మాటను బట్టి ఏ తప్పు జరిగిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఇదంతా ఆ ఏర్పాటు గురించే.

మొదట ఊరి పటం

పాఠ్యపుస్తకంలోని రాష్ట్ర పటంతో మొదలుపెట్టకండి. పిల్లలు రోజూ నడిచే ఊరినే తీసుకోండి. బడి చుట్టూ 600 మీటర్ల పొడవు, 600 మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రం సరిపోతుంది. కాగితం మీద 18 సెంటీమీటర్ల చతురస్రం గీసి, దాన్ని 3 సెంటీమీటర్ల గడులుగా విభజిస్తే ఆరు నిలువు వరుసలు, ఆరు అడ్డ వరుసలు వస్తాయి. అప్పుడు ఒక్కో గడి నేల మీద 100 మీటర్లు. ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది, జిరాక్స్ తీయించడమూ తేలిక.

దూరాలకు ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి బడి మీద వేలు నొక్కి పట్టుకుంటే గుర్తు పడుతుంది. కింద వచ్చే వాటిలో Measure distance ఎంచుకుని బస్టాప్ దాకా, గుడి దాకా కొలుచుకోవచ్చు. తీరిక ఉంటే పిల్లలతో అంగలు వేయించడం ఇంకా మంచిది. టేపుతో 20 మీటర్లు కొలిచి, ఆ దూరానికి ఎన్ని అంగలు పడ్డాయో లెక్కపెట్టిస్తే మిగతాదంతా వాళ్లే కొలిచేస్తారు.

పటంలో పది పన్నెండు గుర్తులకు మించి వద్దు. మా పటంలో బడి, బొడ్రాయి, గ్రామ పంచాయతీ, అంగన్‌వాడీ, రేషన్ షాపు, వాటర్ ట్యాంకు, బస్టాప్, పోచమ్మ గుడి, చెరువు, మత్తడి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ ఉన్నాయి. ప్రతి గుర్తూ గడి మధ్యలో పడేటట్టు చూసుకోండి. గీత మీద పడితే అది ఏ గడిదో అని తగవు వస్తుంది, ఆ తగవు మొదటి రోజు మనకు అక్కరలేదు. అవసరమైతే గళ్లన్నిటినీ కొంచెం పక్కకు జరిపి గీయండి, గుర్తును మాత్రం జరపకండి.

చెరువు సంగతి వేరు. అది మూడు నాలుగు గడుల్లో పరుచుకుని ఉంటుంది కాబట్టి దానికి ఒక్క చిరునామా చెప్పలేం. రోడ్డుకూ అంతే. ఈ మాట పిల్లలతోనే అనిపించాలి. "చెరువు ఏ గడిలో ఉంది?" అని అడిగితే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పి వాదనకు దిగుతారు. అప్పుడు "మరి మత్తడి ఏ గడిలో ఉంది?" అనండి. వానాకాలం చెరువు నిండి నీళ్లు దుమికే ఆ చోటు అందరికీ తెలుసు, అది ఒక్క గడిలోనే ఉంటుంది. గడి చిరునామా ఒక చోటుకే గానీ పరుచుకున్న దానికి కాదని ఆ రెండు ప్రశ్నలతో తేలిపోతుంది.

ఉత్తరం పైకి ఉండేట్టు పటం గీసి, బాణం వేయండి. దిక్కుల గురించి మన పిల్లలకు పెద్దగా చెప్పక్కర్లేదు. ఎవరి ఇల్లు తూర్పు దర్వాజదో, ఎవరిది ఉత్తరం దర్వాజదో వాళ్లకు బాగా తెలుసు. గోడకున్న పటంలో ఉత్తరం పైన ఉండటమే వాళ్లకు వింత. అందుకే మొదటి పీరియడ్‌లో పటాన్ని గోడకు తగిలించను. నేల మీద పరిచి, బాణం నిజంగా ఉత్తరం వైపు చూసేట్టు తిప్పించి, చుట్టూ కూర్చోబెడతాను.

అక్షరం, అంకెతో ఒక్క పీరియడ్

మొదట గడులకే పేర్లు పెట్టండి. కింద అంచున ఎడమ నుంచి కుడికి ఒక్కో నిలువు వరుసకు ఒక్కో అక్షరం, ఎడమ అంచున కింది నుంచి పైకి ఒక్కో అడ్డ వరుసకు 1 నుంచి 6. అక్షరాలుగా అ, ఆ, ఇ, ఈ పెట్టకండి. క్లాసు గోలలో "అ" అన్నా "ఆ" అన్నా ఒకేలా వినిపిస్తుంది. క, చ, ట, త, ప, య పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

"ట4లో ఏముంది?" "అంగన్‌వాడీ ఏ గడిలో ఉంది?" అని ముందుకూ వెనక్కూ అడగండి. చిరునామా నుంచి చోటు వెతకడం ఒక పని, చోటు చూసి చిరునామా రాయడం ఇంకో పని. మొదటిది వచ్చిన పిల్లలకు రెండోది వచ్చేసిందనుకోవద్దు. అరగంట చాలు, ఈ పద్ధతి వాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. అక్షరం ఒక రకం, అంకె ఒక రకం కాబట్టి తారుమారు చేసినా "4ట" అని వస్తుంది, గడి మాత్రం మారదు. ఆ వెసులుబాటు తర్వాతి మెట్టులో ఉండదు.

గడి నుంచి గీతకు

ఇప్పుడు అక్షరాలు తుడిపేసి గీతలకు నంబర్లు వేయాలి. ఆరు గడులకు ఏడు గీతలు. నిలువు గీతలకు పడమటి నుంచి తూర్పుకు 10, 11, 12 అంటూ 16 దాకా. అడ్డ గీతలకు దక్షిణం నుంచి ఉత్తరానికి మళ్లీ 10 నుంచి 16 దాకా. పది నుంచి మొదలుపెట్టడం ఎందుకంటే ప్రతి గీతకూ రెండంకెలు రావాలి, అప్పుడే రెండూ కలిపి నాలుగంకెలు అవుతాయి.

నంబరు సరిగ్గా గీత కొసన రాయాలి. మొదటి ఏడాది నేను చార్టు మీద చక్కగా కనబడాలని రెండు గీతల మధ్య, గడికి ఎదురుగా రాశాను. సగం మంది అది గడి నంబరు అనుకున్నారు, సగం మంది గీత నంబరు అనుకున్నారు. పీరియడ్ అయిపోయేదాకా ఎవరూ తప్పు చదవలేదు, కానీ రెండు రకాల జవాబులు వచ్చాయి. తప్పు చార్టుదేనని ఇంటికెళ్లాక తట్టింది.

చదివే పద్ధతి ఇది. ముందు తూర్పుకు జరిగే అంకె, అంటే నిలువు గీత నంబరు. తర్వాత ఉత్తరానికి ఎక్కే అంకె, అంటే అడ్డ గీత నంబరు. ఈ వరుస గుర్తుండటానికి నేను తాటిచెట్టు చూపిస్తాను. కల్లు గీసే గౌడన్న ముందు నేల మీద చెట్టు దగ్గరికి నడుస్తాడు, ఆ తర్వాతే మోకు వేసుకుని పైకెక్కుతాడు. నడవకుండా ఎక్కడం కుదరదు. ఒకసారి చెప్తే చాలు, తర్వాత ఎవరైనా తడబడితే పక్కవాడే "ముందు నడువురా" అంటాడు.

ఇక రెండో చిక్కు. 11 గీతకు రెండు పక్కలా గడులున్నాయి. ఏది 11? పిల్లలు ఈ ప్రశ్న అడగకుండానే ఏదో ఒకటి అనుకుని ముందుకు పోతారు. అందుకే మనమే అడగాలి. నేను వయసు లెక్క చెప్తాను. పదకొండేళ్లు నిండి ఇంకా పన్నెండు రాని పిల్లవాణ్ని నీ వయసెంత అంటే పదకొండు అంటాడు. పుట్టినరోజు దాటి ఎన్ని నెలలైనా పన్నెండు వచ్చేదాకా పదకొండే. అలాగే 11 గీత దాటి 12 గీత రాని జాగా అంతా పదకొండే. కింది నుంచి పైకి కూడా అదే లెక్క. ఆరో తరగతి పిల్లలకు సరిగ్గా ఆ వయసే కాబట్టి మాట వెంటనే అందుతుంది. గడికి పడమటి గీత, దక్షిణపు గీత, ఈ రెండు కలిసే మూల పేరే ఆ గడి పేరు.

ఇంకో చిన్న సంగతి. 1114 అని బోర్డు మీద రాస్తే పిల్లలు "వెయ్యి నూట పద్నాలుగు" అని చదువుతారు. చదవనివ్వకండి. "పదకొండు, పద్నాలుగు" అని మధ్యలో ఊపిరి తీసుకుని చదివించండి. ఒక పెద్ద సంఖ్యగా చదివిన పిల్లవాడికి అందులో రెండు గీతలు కనబడవు.

నేల మీద పటం, బోర్లించిన అక్షరాలు

మూడో పీరియడ్‌కు బెంచీలు గోడకు జరిపి నేల మీద ఆరుకు ఆరు గడులు గీయండి. ఒక్కో గడి రెండడుగులు ఉంటే మొత్తం పన్నెండడుగుల చతురస్రం అవుతుంది. షాబాద్ బండలు పరిచిన గదైతే పని సులువు, బండల అతుకులే గీతలు. గదిలో జాగా లేకపోతే బయట చెట్టు కింద ముగ్గుపిండితో గీయండి. నేల మీద ఉత్తరం నిజమైన ఉత్తరానికే ఉండాలి, బ్లాక్‌బోర్డు ఎటున్నా సరే. గీతల కొసన నంబర్లు వేసి, ఊరి పటంలోని గుర్తులు కూడా ఆయా గడుల్లో సుద్దతో చిన్నగా వేయించండి. ఇది చేతిలోని పటమే, పెద్దదైంది అంతే అని పిల్లలకు తెలియాలి.

ముప్ఫై ఆరు ముక్కల మీద ఒక్కో అక్షరం రాసి గడికొకటి బోర్లించాలి. ఫ్యాను ఆపేయండి, బయటైతే ముక్క మీద చిన్న రాయి పెట్టండి. పన్నెండు గడులు ముఖ్యం:

| వచ్చే మాట | 1వ అక్షరం | 2వ అక్షరం | 3వ అక్షరం | 4వ అక్షరం |
|---|---|---|---|---|
| సరైన గడులు | 1114 ఓ | 1315 రు | 1311 గ | 1511 ల్లు |
| అంకెలు తారుమారైతే | 1411 పా | 1513 ల | 1113 పి | 1115 ట్ట |
| మూల తప్పితే | 1013 గో | 1214 దా | 1210 వ | 1410 రి |

పిల్లలకు ఇచ్చే చీటీ మీద మాత్రం మొదటి వరుసలోని నాలుగు నంబర్లే ఉంటాయి: 1114, 1315, 1311, 1511. సరిగ్గా చదివితే ఓరుగల్లు వస్తుంది. ఉత్తరపు అంకె ముందు తీసుకున్నవాళ్లకు పాలపిట్ట వస్తుంది. గీతల కూడలికి పడమట, కిందున్న గడిలోకి వెళ్లినవాళ్లకు గోదావరి వస్తుంది. మిగతా ఇరవై నాలుగు గడుల్లో ఏవో అక్షరాలు వేయండి, అవి కలిసి మాట కాకుండా చూసుకుంటే చాలు.

నంబర్లు మీరే ఎంచుకుంటే మూడు జాగ్రత్తలు. 1313 లాంటివి వద్దు, ఎటు చదివినా అదే గడి కాబట్టి తారుమారు తప్పు దొరకదు. 10తో మొదలయ్యేవీ, 10తో ముగిసేవీ వద్దు, మూల తప్పినవాడు పటం దాటిపోతాడు. మూడు వరుసల్లో ఏ రెండు గడులూ ఒకటి కాకూడదు. మొదటిసారి నేను ఎంచుకున్న గడులు ఇలాగే గుద్దుకున్నాయి, కాగితం మీద మూడుసార్లు మార్చుకుంటే గానీ కుదరలేదు. నిలువు గీతలకూ అడ్డ గీతలకూ వేరువేరు నంబర్లు వేస్తే, ఉదాహరణకు ఇటు 10 నుంచి, అటు 40 నుంచి వేస్తే, తారుమారు చేసిన చిరునామా పటంలోనే ఉండదు. వేట వరకు రెండు వైపులా ఒకే నంబర్లు ఉంచడం ఆ తప్పు బయటపడాలనే.

వేట

ముప్ఫై రెండు మంది అనుకోండి, ఎనిమిది మంది చొప్పున నాలుగు గుంపులు. ఒకరు చీటీ చదువుతారు, ఒకరు నడుస్తారు, మిగతావాళ్లు చేతిలోని పటం మీద అదే గడి వేలితో పట్టుకుని ఉంటారు. ప్రతి నంబరుకూ చదివేవారు, నడిచేవారు మారాలి. నాలుగు నంబర్లు, ఎనిమిది మంది, అందరికీ ఒక పని దక్కుతుంది. మొదటి గుంపు మొదటి నంబరుతో, రెండో గుంపు రెండో నంబరుతో అలా మొదలుపెట్టిస్తే ఒకే గడిలో గుమిగూడరు. అక్షరం చూసి, నోట్‌బుక్‌లో ఆ నంబరుకు ఎదురుగా రాసి, ముక్కను మళ్లీ బోర్లించాలి. పైకి చదవకూడదు.

నడిచే పద్ధతి ఒకటే. దక్షిణపు అంచున నిలబడి తూర్పుకు 11 గీత దాకా నడవాలి. ఆ గీత మీదే ఉత్తరానికి 14 గీత దాకా వెళ్లాలి. ఇప్పుడు రెండు కాళ్లూ గీతల కూడలి మీద ఉన్నాయి, ముఖం ఉత్తరానికి ఉంది. ముందు, కుడిచేతి వైపున్న గడి మనది. నేరుగా గడిలోకి దూకేవాళ్లే ఎక్కువ తప్పుతారు, కూడలి మీద నిలబడినవాళ్లు దాదాపు తప్పరు.

పోయిన ఏడాది ఒక గుంపు అందరికంటే ముందు చేతులెత్తింది. "అయిపోయింది సార్, గోదావరి!" నిజమైన మాటే వచ్చింది కాబట్టి గెలిచామనే సంబరంలో ఉన్నారు. తప్పని నేను చెప్పలేదు. వాళ్లలో ఒకమ్మాయిని పిలిచి 1114కి మళ్లీ నడవమన్నాను. అంకెల వరుస సరిగ్గానే చదివింది, కూడలి దాకా సరిగ్గానే వెళ్లింది, అక్కడి నుంచి వెనక్కి ఎడమకు అడుగేసి 1013లో నిలబడింది. "నీ వెనకాల ఉన్న గీత ఎంత?" అన్నాను. తిరిగి చూసి "పదమూడు" అంది. "పద్నాలుగు నిండిందా నీకు?" కాసేపు గీతల వంక చూసి, తనే రెండడుగులు వేసి 1114లోకి మారింది. మిగతా మూడూ గుంపంతా కలిసి చెప్పకుండానే సరిచేసుకున్నారు. అది అర్థం కాక జరిగిన తప్పు కాబట్టి ఒక్కచోట విడితే అన్నిచోట్లా విడింది.

ఇంకో గుంపుకు "ఓరుపిల్లు" వచ్చింది. అలాంటి మాట లేదని వాళ్లకే తెలుసు. మూడు సరైనవి, మూడోది మాత్రం తారుమారు: 1311 బదులు 1113కి వెళ్లారు. వీళ్లకు పద్ధతి తెలుసు, తొందరలో జారింది. పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు, మూడో అక్షరం ఇంకోసారి చూడమంటే చాలు. నాలుగూ పాలపిట్ట అయిన గుంపుకు మాత్రం తాటిచెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

సరైన మాట చెప్పిన గుంపుకు చివరి చీటీ ఇస్తాను. అందులో నంబరు ఉండదు, "పోచమ్మ గుడి ఉన్న గడి" అని ఉంటుంది. వాళ్లే పటం చూసి చిరునామా రాసి చూపిస్తే నిధి. నిధి అంటే మా దగ్గర పల్లీ పట్టీల డబ్బా, బల్ల కింద ఉంటుంది. అందరూ చేరేదాకా తెరవను.

నాలుగో పీరియడ్: పిల్లలే వేట కట్టాలి

రెండు గుంపులు వేట కడతాయి, రెండు గుంపులు ఆడతాయి. కట్టేవాళ్లు నాలుగక్షరాల మాట ఎంచుకుని, పటంలోని నాలుగు చోట్ల గడుల్లో అక్షరాలు పెట్టి, చిరునామాలు చీటీ మీద రాసివ్వాలి. చదవడంలో తప్పని పిల్లలు రాయడంలో తప్పేది ఇక్కడే. మాట రాకపోతే తప్పు ఆడేవాళ్లదా, రాసినవాళ్లదా అని రెండు గుంపులూ నేల మీదికి వచ్చి తేల్చుకోవాలి. నేను మధ్యలోకి పోను, కూడలి మీద నిలబడి చూడమని మాత్రం అంటాను.

చివరి పది నిమిషాలు ఒక్కొక్కరికీ చిన్న చీటీ పరీక్ష. రెండు చిరునామాలిచ్చి చోట్లు రాయమనాలి, ఒక చోటు ఇచ్చి చిరునామా రాయమనాలి. గుంపులో పక్కవాడి వెనక నడిచినవాళ్లు ఇందులోనే తెలుస్తారు.

ఊరు దాటాక

ఒకే గడిలో రెండు చోట్లు పడితే నాలుగంకెలు సరిపోవు. దీన్ని ఖిలా వరంగల్ పటంతో చూపించవచ్చు. కోట నడుమ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, వాటికి పడమట ఖుష్ మహల్ ఉన్నాయి. గడి ఒక కిలోమీటరు ఉన్న పటం మీద ఇవన్నీ ఒక్క గడిలోనే ఇరుక్కుపోవచ్చు, అప్పుడు చిరునామా వేటినీ విడదీయదు. గడిని ఇటు పది, అటు పది భాగాలు చేసి ఒక్కో వైపుకు ఇంకో అంకె చేరిస్తే ఆరంకెల చిరునామా అవుతుంది. పిల్లలు దశాంశాలు నేర్చుకున్నాకే అందులోకి వెళ్లండి.

ఫోన్ చూసే పిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా తెస్తారు. ఫోన్‌లో వరంగల్ దగ్గర గుర్తు పెడితే 18కి కాస్త అటూ ఇటూ ఒక అంకె, తర్వాత 79.6 దరిదాపుల్లో ఒక అంకె కనబడతాయి. అక్కడ ముందున్నది అక్షాంశం, అంటే ఉత్తరపు అంకె. తూర్పు అంకె తర్వాత వస్తుంది. గడి చిరునామాకు ఇది సరిగ్గా తారుమారు. అడిగినప్పుడు రెండూ వేరు పద్ధతులని, దేని వరుస దానిదేనని చెప్పండి. అడగకపోతే ఈ నాలుగు పీరియడ్లలో ఆ ఊసెత్తకండి. వచ్చే నెల అక్షాంశాల పాఠం దగ్గర అదే నేల మీద మళ్లీ గీసి చెప్పుకోవచ్చు.